మాత్ర ఆపితే వచ్చే భయం

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని ఆసుపత్రులకు కొత్త రకం రోగులు వచ్చారు. చేతులు వణుకుతున్నాయి, రాత్రంతా నిద్ర లేదు, ఎదుట లేని మనుషులతో మాట్లాడుతున్నారు, కొందరికి ఫిట్స్. రోజూ తాగే కల్లు ఒక్కసారిగా దొరక్కపోవడమే కారణం. ఆ కల్లులో మత్తు కోసం కలుపుతున్నవి అల్ప్రాజోలం, డైజపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మందులు. వీటిలో మొదటి రెండూ చాలా ఇళ్లలో బీపీ మాత్రల పక్కనే ఉంటాయి. గుండె దడ, ఆందోళన, నిద్ర పట్టడం లేదు అని చెప్పినప్పుడు డాక్టరు రాసే చిన్న మాత్రలు అవే. వీటిని బెంజోడయజెపిన్లు అంటారు. క్లోనజెపామ్, లోరజెపామ్ కూడా ఈ కుటుంబానివే.

ఈ మందు కల్లులో వచ్చినా, స్ట్రిప్‌లో వచ్చినా శరీరం దానికి అలవాటు పడే తీరు ఒకటే. అందుకే ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ మాత్రలు నెలల తరబడి వాడుతున్నవారు ఇది చదివి ఈ రాత్రికే ఆపేయకూడదు. ఆపడానికి ఒక పద్ధతి ఉంది. ఈ వ్యాసం ఆ పద్ధతి గురించే.

ఈ మందులు పుట్టినప్పుడు వీటిని వరంలా చూశారు. 1960లో లిబ్రియం, 1963లో వాలియం మార్కెట్‌లోకి వచ్చాయి. అంతకుముందు వాడిన బార్బిచ్యురేట్ల మోతాదు కాస్త ఎక్కువైతే ప్రాణం పోయేది. కొత్త మందుల్లో ఆ ముప్పు చాలా తక్కువ. అలవాటు సంగతి లోకానికి అర్థం కావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1988లో బ్రిటన్ మందుల భద్రతా సంఘం తన వైద్యులకు స్పష్టంగా చెప్పింది: ఆందోళన తీవ్రంగా ఉంటేనే ఇవ్వాలి, అదీ రెండు నుంచి నాలుగు వారాలే.

ఆ రెండు నుంచి నాలుగు వారాల్లో ఇది మంచి మందే. పానిక్ అటాక్‌తో ఊపిరి ఆడక, చచ్చిపోతున్నానేమో అనుకునే మనిషికి అరగంట, గంటలో ఉపశమనం ఇస్తుంది. ఆందోళన జబ్బుకు ఎక్కువకాలం వాడే ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. తొలి రోజుల్లో అవి ఆందోళనను కాస్త పెంచవచ్చు కూడా. ఆ మధ్యకాలం దాటించడానికి డాక్టరు చిన్న మోతాదులో బెంజోడయజెపిన్ జోడిస్తారు. అసలు చికిత్స ఎస్సిటలోప్రామ్, దానితోపాటు ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్. అయితే కొన్నాళ్లకు ఆ రెండూ మానేసి, వెంటనే హాయినిచ్చే మూడోదాన్ని మాత్రం కొనసాగించే రోగులే ఎక్కువగా చిక్కుల్లో పడతారు.

లోపల జరిగేది ఇది. మెదడులో నరాల ఉద్రేకాన్ని తగ్గించే రసాయనం గాబా. బెంజోడయజెపిన్ దాని పనికి బలమిస్తుంది. ఈ సాయం రోజూ అందుతుంటే మెదడు సర్దుకుంటుంది: గాబాకు స్పందించడం తగ్గిస్తుంది, ఉద్రేకపరిచే వైపును పెంచుకుంటుంది. తాడులాటలో రెండు జట్లూ బలం పెంచుకుంటూ పోతే తాడు కదలకుండా ఉంటుంది. ఒక జట్టు హఠాత్తుగా వదిలేస్తే రెండోది వెనక్కి విరుచుకుపడుతుంది. మాత్ర ఒక్కసారిగా ఆగినప్పుడు వచ్చే వణుకు, దడ, నిద్రలేమి, భ్రమలు, ఫిట్స్ అన్నీ ఆ విరుచుకుపడటమే.

పూర్తిగా ఆపనక్కర్లేదు, రెండు మాత్రల మధ్య విరామంలోనే దీని చిన్న రూపం కనిపిస్తుంది. మన దగ్గర విరివిగా వాడే అల్ప్రాజోలం రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు పదకొండు గంటలు చాలు. రాత్రి వేసుకున్నవారికి తెల్లవారుజామున మెలకువ వస్తుంది, ఛాతీలో బరువు, అరచేతుల్లో చెమట. మాత్ర వేసుకుంటే తగ్గిపోతుంది. 'చూశారా, నా జబ్బు ఎంత ముదిరిందో, మాత్ర లేకపోతే నేను లేను' అని రోగి నమ్ముతారు, ఇంట్లోవాళ్లూ నమ్ముతారు. ఈ నమ్మకమే నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. ఆ తెల్లవారుజాము భయంలో పెద్ద భాగం మాత్ర తెచ్చిపెట్టినది. తానే తెచ్చిన భయాన్ని తానే తీర్చి, మాత్ర మంచి పేరు కొట్టేస్తోంది.

ఇప్పుడు దించడం ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇలాంటి కేసుల్లో సాధారణంగా జరిగేవాటిని కలిపి అల్లినది ఇది. వరంగల్‌లో నలభై ఆరేళ్ల టీచరు, సుజాత అనుకుందాం. తండ్రి పోయాక వచ్చిన ఆందోళనకు డాక్టరు నెలరోజులకు రాత్రిపూట అల్ప్రాజోలం 0.25 మిల్లీగ్రాములు రాశారు. పాత చీటీ చూపించి మందుల షాపులో కొంటూ మూడేళ్లు గడిచాయి. చట్టం ప్రకారం అల్ప్రాజోలం హెచ్1 షెడ్యూల్ మందు. చీటీ ఉంటేనే అమ్మాలి, కొన్నవారి పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. తెలిసిన షాపులో అదంతా ఎవరు అడుగుతారు? రాత్రి 0.25 పనిచేయక 0.5 అయింది. తర్వాత బడికి వెళ్లేముందు ఇంకో 0.25 చేరింది. మరచిపోవడం ఎక్కువై, క్లాసులో పిల్లల పేర్లు తడబడటం మొదలయ్యాక ఆమె సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లింది.

"అమ్మా, మీరు చేసిన తప్పేం లేదు. మాత్ర ఆపుదాం, కానీ తొందరపడొద్దు" అన్నాడు డాక్టరు. ముందు అడగాల్సినవి అడిగాడు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? నొప్పులకు ట్రమడాల్ లాంటివి వాడుతున్నారా? ఇంతకుముందు ఒక్కసారిగా ఆపితే ఏమైంది? మందు అలవాటు ఉందా అని మగవాళ్లను అడిగినట్టే ఆమెనూ అడిగాడు, ఎందుకంటే మద్యం, నల్లమందు జాతి నొప్పి మందులు ఈ మాత్రలతో కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆందోళనకు ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టి, అది కుదురుకునేదాకా అల్ప్రాజోలాన్ని కదపలేదు.

తర్వాతి పని మాత్ర మార్చడం. డైజపామ్ శరీరంలోంచి చాలా నెమ్మదిగా, రోజుల తరబడి దిగుతుంది కాబట్టి రెండు మాత్రల మధ్య ఎత్తుపల్లాలు ఉండవు. పైగా 2 మిల్లీగ్రాముల మాత్ర దొరుకుతుంది, దాన్ని విరిచి చిన్న మెట్లు చేసుకోవచ్చు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో 1982 నుంచి పన్నెండేళ్లు ఈ మందులు మాన్పించే క్లినిక్ నడిపిన ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ వాడిన పట్టికలో 0.5 మిల్లీగ్రాముల అల్ప్రాజోలానికి 10 మిల్లీగ్రాముల డైజపామ్ సాటి. అందరు డాక్టర్లూ ఇదే లెక్క వాడరు, తక్కువతో మొదలుపెట్టేవారూ ఉన్నారు. సుజాతకు రోజు మొత్తం 0.75, అంటే 15 మిల్లీగ్రాముల డైజపామ్. దాన్ని ఒక్క రోజులో మార్చలేదు. మొదటి వారం రాత్రి మాత్రలో సగం, రెండో వారం మిగతా సగం, మూడో వారం ఉదయం మాత్ర. మగతగా ఉందేమో ప్రతివారం కనుక్కున్నాడు.

అక్కడినుంచి రెండు వారాలకోసారి ఒక మిల్లీగ్రాము చొప్పున దించాడు. 15 నుంచి 10కి రావడానికి పది వారాలు పట్టింది. 10 తర్వాత మెట్టు అంతే ఉంచి, గడువు మూడు వారాలు చేశాడు. 5 దగ్గర మెట్టునే సగం చేశాడు. ఇందులో కిటుకు ఉంది: 15లో ఒకటి తీస్తే పదిహేనో వంతు, 3లో ఒకటి తీస్తే మూడో వంతు. మెదడుకు తెలిసేది ఆ వంతే. ఉన్న మోతాదులో ఐదు నుంచి పది శాతం చొప్పున, రెండు నుంచి నాలుగు వారాలకోసారి తగ్గించమని ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నది కూడా ఇందుకే. మొదట్లో తేలిగ్గా దిగినవాళ్లు చివరి మెట్ల దగ్గర కష్టపడతారు. అక్కడ తొందరపెట్టే డాక్టరు, 'ఇంత ముక్కే కదా' అని తీసిపారేసే కుటుంబం, ఇద్దరూ చేసిన పనంతా చెడగొడతారు.

7 దగ్గర ఉండగా సుజాతకు నిద్ర తెగిపోయింది. కుక్కర్ విజిల్ చెవిలో పొడిచినట్టుంది, పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి. జబ్బు తిరగబెట్టిందని హడలిపోయింది. డాక్టరు మూడు ప్రశ్నలు వేశాడు. ఇది మోతాదు తగ్గించిన కొద్ది రోజులకే వచ్చిందా? మీ పాత ఆందోళనలో ఇలాంటి తిమ్మిరి, శబ్దం భరించలేకపోవడం ఉండేవా? రోజులు గడిచేకొద్దీ తగ్గుతోందా? మొదటిదానికి అవును, రెండోదానికి లేదు, మూడోదానికి కొంచెం. అది మాత్ర దిగుతున్నందువల్ల వచ్చినదే. పాత జబ్బు తిరగబెడితే పాత దిగుళ్లే మెల్లగా పెరుగుతూ వస్తాయి, వారాలు గడిచినా తగ్గవు. అప్పుడు చూసుకోవాల్సింది ఎస్సిటలోప్రామ్, కౌన్సెలింగ్ సంగతి.

మోతాదు మళ్లీ పెంచలేదు, 7 దగ్గరే నాలుగు వారాలు ఆగారు. అలా ఆగడం ఓటమి కిందికి రాదు, అది పద్ధతిలో భాగమే. పెళ్లి, పరీక్షల దిద్దుబాటు, ఇంట్లో జబ్బు వంటివి ఉన్న నెలలో మెట్టు దిగకపోవడమే మంచిది. అయితే ఎవరికైనా ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపించినా, ఎక్కడున్నారో తెలియకుండా తికమకపడినా అది ఇంట్లో ఓర్చుకునేది కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మొత్తం ఏడాదికి పైగా పట్టింది. ఆపిన తర్వాత కూడా రెండు నెలలు ఆమె నిద్ర కుదురుగా లేదు. తర్వాత సర్దుకుంది. క్లాసులో పేర్లు తడబడటం మాత్రం 5 మిల్లీగ్రాముల దగ్గరకు రాగానే తగ్గిపోయింది.

అందరికీ డైజపామ్ సరిపోదు. లివరు పాడైనవారిలో, పెద్ద వయసువారిలో అది పేరుకుపోయి మగత, తూలు తెస్తుంది. వారికి వాడుతున్న మాత్రనే చిన్న ముక్కలుగా తగ్గిస్తారు. గర్భిణులు, గతంలో ఫిట్స్ వచ్చినవారు, రోజూ మద్యం తాగేవారికి దారి వేరు, కొన్నిసార్లు ఆసుపత్రిలో ఉంచి చేయాలి. సైకియాట్రిస్టు ఎక్కడ దొరుకుతారో తెలియనివారు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి అడగవచ్చు, ఖర్చు ఉండదు. ఇక ఇరవై ఏళ్లుగా రాత్రి మాత్ర వేసుకుంటున్న డెబ్బై ఎనిమిదేళ్ల నానమ్మ విషయంలో డాక్టరు సున్నా దాకా పట్టుబట్టకపోవచ్చు. మోతాదు సగానికి వచ్చి, రాత్రి బాత్రూముకు లేచినప్పుడు ఆమె తూలకుండా నడవగలిగితే అక్కడ ఆగి, కొన్ని నెలల తర్వాత మళ్లీ ఆమెనే అడుగుతారు, ఇంకో మెట్టు దిగుదామా అని.