ఆరు నెలల తర్వాత సంపాదిస్తున్నదెందరు?

అనంతపురం జిల్లాలో బోరు మోటారు కాలిపోయి, ఊళ్లో వైండింగ్ తెలిసినవాళ్లు లేకపోతే రైతు దాన్ని బండికెత్తుకుని పట్టణానికి పోవాల్సిందే. మోటారు తిరిగొచ్చేదాకా చేనుకు తడి ఉండదు. ఆ పనిని పల్లె యువతకే నేర్పాలని ఒక స్వచ్ఛంద సంస్థ పూనుకుందనుకుందాం. 60 మందికి, ఇరవై మంది చొప్పున మూడు బ్యాచ్‌లుగా శిక్షణ. ఖర్చు 18 లక్షల రూపాయలు. ఆ ప్రతిపాదనతో సంస్థ వ్యవస్థాపకుడు ఒక కంపెనీ సీఎస్‌ఆర్ అధిపతిని కలిశారు.

డబ్బు అడగడానికి దారి 2013 కంపెనీల చట్టంలోనే ఉంది. నికర లాభం ఏడాదికి 5 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. వృత్తి నైపుణ్యాల శిక్షణ ఆ జాబితాలో ఉంది. అయితే బయటి సంస్థకు అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం, సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవి లేకపోతే మాట అక్కడితో ఆగిపోతుంది.

ఇక్కడ ఆ రెండూ ఉన్నాయి. అధిపతి నేరుగా లెక్కల్లోకి దిగారు.

“మనిషికి 30 వేలు. మరి కోర్సయిన ఆరు నెలలకు ఈ పని మీదే సంపాదించేవాళ్లు ఎంతమంది ఉంటారండీ?”

“నలభై మంది ఉండాలన్నది మా లక్ష్యం మేడమ్.”

“అంటే నిలబడే ఒక్కొక్కరికి మాకయ్యేది 45 వేలు.”

శిక్షణ పొందినవారి సంఖ్య హాజరుపట్టీలో దొరుకుతుంది. నిలదొక్కుకున్నవారి సంఖ్య కావాలంటే ఎవరో ఒకరు ఊరూరా తిరిగి కనుక్కోవాలి. అందుకే బడ్జెట్‌లో నెలకు 10 వేల చొప్పున ఏడాదికి 1.2 లక్షలతో ఒక క్షేత్ర కార్యకర్తను చూపించారు. కంపెనీ అకౌంట్స్ విభాగం మొదట కోత పెట్టింది కూడా ఆ పద్దుకే. పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదన్న నియమాన్ని ముందుకు తెచ్చింది.

ఈ పొరపాటు వల్ల మంచి కార్యక్రమాలు నష్టపోతాయి. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు సంబంధించినది. ఒక ప్రాజెక్టు అమలుకూ పర్యవేక్షణకూ నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. వ్యవస్థాపకుడు నిబంధన చూపించాక అధిపతి ఆ పద్దును తిరిగి చేర్చారు.

బదులుగా ఒక షరతు పెట్టారు. సొమ్ము విడతలుగా వస్తుంది. ప్రతి విడతకూ ఖర్చు వివరాలు, బిల్లులు ఇవ్వాలి. చివరి విడతకు మాత్రం మరో పట్టిక జతచేయాలి. ఎవరు ఏ ఊళ్లో పని చేస్తున్నారు, ఆ నెల ఎన్ని మోటార్లు బాగుచేశారు, చేతికెంత వచ్చింది అన్నవి అందులో ఉండాలి. పని మానేసినవారి పేర్లు కూడా, కారణంతో సహా.