సత్యం లెక్కల్లో ఆడిటర్ వెతకాల్సిన చోటు

2009 జనవరి 7న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆయనే ఒప్పుకున్నారు.

ఆడిటర్ పని మొదలుపెట్టేముందు రెండు అంచనాలు వేసుకుంటాడు. ఆ అంకె స్వభావరీత్యా తప్పయ్యే అవకాశం ఎంత? ఇది సహజ రిస్కు. ఆ తప్పును కంపెనీ సొంత తనిఖీలు పట్టుకోలేకపోయే అవకాశం ఎంత? ఇది నియంత్రణ రిస్కు. ఈ రెండూ ఆడిటర్ చేతిలో ఉండవు. అతని చేతిలో ఉన్నదల్లా మూడోది, తన పరీక్షకు కూడా తప్పు దొరకకపోయే గుర్తింపు రిస్కు.

మూడింటినీ గుణిస్తే మొత్తం ఆడిట్ రిస్కు. దాన్ని 5 శాతం దాటనివ్వకూడదనుకుందాం. మొదటి రెండూ 50 శాతం చొప్పున ఉంటే గుర్తింపు రిస్కు 20 శాతం దాకా ఉండొచ్చు, కొద్ది శాంపిల్ చాలు. రెండూ 100 శాతమైతే అది 5కు దిగాలి. అప్పుడు శాంపిల్ పెంచాలి, బయటి సాక్ష్యం కావాలి.

బ్యాంకు నిల్వను సరిచూడడం తేలికే గనుక దాని సహజ రిస్కు తక్కువనిపిస్తుంది. కానీ పైవాళ్లే పత్రాలు సృష్టిస్తే లోపలి తనిఖీలు పనిచేయవు. ఇక మిగిలింది ఆడిటరే బ్యాంకుకు లేఖ పంపి, జవాబు నేరుగా తనకే తెప్పించుకోవడం. సత్యంలో ఆ ఉత్తరప్రత్యుత్తరాలను కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థలు 2011లో తేల్చాయి.