వదలాల్సిన ప్రశ్న, వదలకూడని ప్రశ్న

నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకునేవారిలో బీటెక్ చదివినవాళ్లూ ఉంటారు. ఐబీపీఎస్ పీఓకు దరఖాస్తు చేస్తూనే సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ రెజ్యూమెలు పంపుతుంటారు. రెండు చోట్లా లెక్కలు, రీజనింగ్ ఉంటాయి కాబట్టి ఒకే చదువు సరిపోతుందనుకుంటారు. కానీ పరీక్షలో గట్టెక్కించే అలవాటే కంపెనీ ఇంటర్వ్యూలో ముంచుతుంది. తెలియని ప్రశ్నను చటుక్కున వదిలేయడమే ఆ అలవాటు.

పీఓ ప్రిలిమ్స్‌లో 35 లెక్కలకు 20 నిమిషాలే ఇస్తారు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు కోత పడుతుంది. ఒక్కో ప్రశ్నకు ఐదు ఆప్షన్లు కనుక, ఐదింటికి గుడ్డిగా గురిపెడితే సగటున ఒకటి తగులుతుంది, నాలుగు తప్పుతాయి. వచ్చినది కోతకే సరిపోతుంది. రెండు ఆప్షన్లు కావని రూఢిగా తెలిస్తే మాత్రం పెట్టడమే లాభం. అన్నిటికంటే పెద్ద నష్టం మొండితనం వల్ల వస్తుంది. ఒకే లెక్క మీద మూడు నిమిషాలు కూర్చుంటే, ఆ వ్యవధిలో చేయగలిగిన ఐదు తేలిక లెక్కలు చేజారతాయి. అందుకే మాక్ టెస్ట్ రాశాక స్కోరు చూసి ఊరుకోకూడదు. ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగామో చూసుకోవాలి.

ప్రిలిమ్స్ మార్కులు తుది లెక్కలోకి రావు. మెయిన్స్, ఇంటర్వ్యూలకు 80:20 వెయిటేజీ ఉంటుంది. ఆ ఇంటర్వ్యూలో బీటెక్ చేసి బ్యాంకుకెందుకు వచ్చావని దాదాపు తప్పకుండా అడుగుతారు. రెపో రేటు గురించి తెలియకపోతే "తెలియదు సార్" అని మర్యాదగా చెప్పొచ్చు. బోర్డు మరో ప్రశ్నకు వెళ్తుంది.

కంపెనీ టెక్నికల్ రౌండ్‌లో అంతటితో ఆగితే కష్టం. రెజ్యూమెలో లైబ్రరీ ప్రాజెక్టు ఉందనుకోండి. "ఒకే పుస్తకాన్ని ఇద్దరు ఒకే క్షణంలో రిజర్వు చేస్తే నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?" అని అడుగుతారు. ప్రాజెక్టు ఎక్కడి నుంచో తెచ్చుకున్నదైతే ఇక్కడే బయటపడుతుంది. సొంతంగా చేసినవాడికీ జవాబు వెంటనే తట్టకపోవచ్చు. "ఇద్దరికీ ఖాళీగానే కనిపిస్తుంది, కాబట్టి ఇద్దరికీ ఇచ్చేస్తుందేమో. డేటాబేస్‌లోనే ఆ వరుసకు లాక్ వేయాలి" అంటూ ఆలోచనను పైకి చెబుతూ పోతే చాలు. ఎదుటి వ్యక్తి చిన్న సూచన ఇస్తాడు, దాన్ని అందుకున్నామా లేదా అని గమనిస్తాడు. మౌనంగా కూర్చుంటే ఆయనకు అంచనా వేయడానికేమీ దొరకదు.

ఈ నేర్పు మాక్ టెస్టులతో రాదు. రెండిటికీ సిద్ధమయ్యేవాళ్లు పొద్దున గడియారం పెట్టుకుని పేపర్ రాసినా, సాయంత్రం ఒక స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని తమ ప్రోగ్రాం ఎలా నడుస్తుందో నోటితో చెప్పాలి. కోచింగ్‌లో గడిచిన ఏళ్ల గురించి కంపెనీ ఎలాగూ అడుగుతుంది. దాచకుండా పీఓకు చదివానని చెప్పి, ఆ కాలంలో రాసిన ప్రోగ్రాం ఒక్కటైనా తెరిచి చూపించగలగాలి.