సెలవు చీటీలో వరిబీజం అనే రాయండి

వరిబీజం ఆపరేషన్‌కు సెలవు కావాల్సివస్తే చాలామంది మగవాళ్లు ‘ఊళ్లో పని ఉంది’ అనో, ‘కడుపునొప్పి’ అనో రాసేస్తారు. సెలవైతే దొరుకుతుంది. చిక్కంతా తిరిగి పనిలోకి వచ్చిన రోజున మొదలవుతుంది. ఊరెళ్లొచ్చిన మనిషి బస్తా ఎందుకు ఎత్తనంటున్నాడో మేనేజరుకు ఎలా తెలుస్తుంది?

వృషణం చుట్టూ ఉండే పలుచటి సంచిలో నీరు చేరడమే వరిబీజం. కొన్నిచోట్ల బుడ్డ అంటారు. బోదకాలు ఉన్న ప్రాంతాల్లో దోమకాటుతో వచ్చే ఫైలేరియా పురుగు దీనికి పెద్ద కారణం. దెబ్బ తగిలినా రావచ్చు, ఒక్కోసారి కారణమే తెలియదు. సూదితో నీరు తీయిస్తే తరచూ మళ్లీ నిండుతుంది. అందుకే సర్జన్ చిన్న కోత పెట్టి, నీరు తీసేసి, ఆ సంచిని కత్తిరించో, వెనక్కి తిప్పి కుట్టో వదిలిపెడతారు. మామూలుగా అదే రోజో, మరునాడో ఇంటికి పంపిస్తారు.

బియ్యం గోడౌన్‌లో 50 కిలోల బస్తాలు మోసే మనిషి సెలవు చీటీ ఇలా ఉంటే చాలు:

‘మేనేజరు గారికి నమస్కారం. నాకు వరిబీజం ఉంది. ఈ నెల 17న ఆపరేషన్ చేస్తామని డాక్టరు గారు చెప్పారు. 17 నుంచి 30 వరకు 14 రోజులు సెలవు ఇప్పించగలరు. ఆ తర్వాత మరో 4 వారాలు బరువులు ఎత్తకూడదన్నారు. ఆ రోజుల్లో తూకం చీటీలు రాసే పని ఇస్తే చేస్తాను. డాక్టరు గారి చీటీ జతచేశాను.’

ఇందులో క్షమించమనే మాట లేదు, అక్కర్లేదు కూడా. కాలు విరిగినవాడు ఎంత మామూలుగా చెబుతాడో అంత మామూలుగా ఉంది. అన్నిటికన్నా విలువైనది బరువుల గురించిన వాక్యం. సెలవు 14 రోజులే అయినా, కోత పూర్తిగా గట్టిపడకముందే బరువెత్తితే వాపు, నొప్పి పెరుగుతాయి, లోపల రక్తం చేరే ప్రమాదమూ ఉంది. జబ్బు పేరు చెప్పినవాడే తేలిక పని ధైర్యంగా అడగగలడు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే వారం, పది రోజుల సెలవు సరిపోవచ్చు. ఎన్ని రోజులన్నది మాత్రం డాక్టరు రాసిచ్చిందే ప్రమాణం.

ఈఎస్ఐ కార్డు ఉన్నవారికి ఇంకో సంగతి. చందా నిబంధనలకు సరిపోతే, ఈఎస్ఐ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ మీద వేతనంలో 70 శాతం అనారోగ్య భృతి వస్తుంది. ‘ఊళ్లో పని’ అని పెట్టిన సెలవుకు అది రాదు.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు వాపు ఉండటం మామూలే, బిగువు లంగోటీ కట్టుకుంటే ఇబ్బంది తగ్గుతుంది. జ్వరం వచ్చినా, వాపు రోజురోజుకీ పెరుగుతున్నా, కోత దగ్గర చీము కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. డాక్టరు ఇంకొన్ని రోజులు విశ్రాంతి రాస్తే, ఆ చీటీ జతచేసి మేనేజరు గారికి రెండో ఉత్తరం పంపాలి. జబ్బు పేరు మొదటి ఉత్తరంలోనే ఉంది కాబట్టి ఇది రెండు వాక్యాల్లో అయిపోతుంది.