ఆపరేషన్‌కు ముందు ఇంజెక్షన్ ఎవరి పని?

కోత పెట్టే సమయానికి యాంటీబయాటిక్ రక్తంలో తగినంత ఉండాలి. అందుకే సెఫజోలిన్ లాంటి మందును కోతకు ముందు గంటలోపు నరానికి ఇవ్వాలంటారు. అలా ఇస్తున్నామా లేదా అని ఆసుపత్రి తన కేస్ షీట్లు తానే తిరగేసి చూసుకోవడం క్లినికల్ ఆడిట్. లెక్క తీయడం దాకా చాలాచోట్ల బాగానే సాగుతుంది. నివేదిక చివర ‘సిఫార్సులు’ అన్న పేజీకి వచ్చేసరికి నీరుగారిపోతుంది.

ఒక జిల్లా ఆసుపత్రిని ఊహించుకుందాం. 40 కేస్ షీట్లు చూస్తే 22 మందికే మందు వేళకు అందింది. ‘సిబ్బందికి అవగాహన కల్పించాలి’ అని రాసి సంతకాలు పెట్టేయవచ్చు. కానీ గంటలోపు ఇవ్వాలని సిస్టర్లకు ముందే తెలుసు. తెలిసినదాన్నే మళ్లీ చెబితే ఏం మారుతుంది?

మిగిలిన 18 షీట్లను ఒక్కొక్కటిగా చదవాలి. పదకొండు మందికి వార్డులోనే ఇచ్చేశారు. ముందు కేసు ఆలస్యమై వాళ్లు థియేటర్ బయట రెండేసి గంటలు ఉండిపోయారు. నలుగురికి కోత పెట్టాక ఇచ్చారు. ముగ్గురి షీట్లలో టైమే లేదు. వార్డులో ఎందుకిస్తున్నారని అడిగితే సిస్టర్ చెప్పే జవాబు ఇలా ఉంటుంది: “టెస్ట్ డోస్ ఇక్కడే చేస్తాం కదా సార్. వయల్ కలిపాక మిగతాది కూడా ఇచ్చేస్తాం. థియేటర్‌లో ఆ మందు ఉండదు.”

అసలు సిఫార్సు ఈ మాటల్లోంచే పుట్టాలి. వార్డులో టెస్ట్ డోస్ వరకే. పూర్తి డోసు థియేటర్‌లో మత్తు డాక్టరు ఇచ్చి, టైము అనస్థీషియా చార్టులో రాయాలి. వయల్స్‌కు థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్ ప్రతి సోమవారం ఇండెంట్ పెట్టాలి. ఫలానా తేదీ నుంచి అమలు. ఎవరు, ఏం, ఎప్పటినుంచి అన్న మూడూ ఉన్నాయి కాబట్టి జరగకపోతే ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది. ఆ మత్తు డాక్టరుతో, ఆ సిస్టర్‌తో మాట్లాడి ఒప్పించాకే ఇది కాగితం మీదికి ఎక్కాలి. అడగకుండా అప్పగించిన పని ఎవరూ నెత్తిన వేసుకోరు.

మరచిపోకుండా ఉండే ఏర్పాటూ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్టులో, కోతకు ముందు అందరూ ఆగే ఘట్టంలో, ‘గత 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ ఇచ్చారా?’ అనే ప్రశ్న ఉంది. దాన్ని పైకి చదివి, జవాబు విన్నాకే కత్తి అందించాలని సిఫార్సులో చేర్చవచ్చు. వ్యాంకోమైసిన్‌ను మాత్రం మినహాయించాలి. దాన్ని నెమ్మదిగా ఎక్కించాలి కాబట్టి రెండు గంటల ముందు నుంచి మొదలుపెట్టవచ్చు. ఈ తేడా రాయకపోతే సరిగ్గా చేసినవాళ్లే తప్పు చేసినట్టు లెక్కకొస్తారు.

మూడు నెలలకు మళ్లీ 40 షీట్లు తీస్తారు. అప్పుడు శాతం ఒక్కటే చూస్తే చాలదు. అన్ని చార్టుల్లోనూ మందు టైము కోతకు సరిగ్గా అరగంట ముందు, గుండ్రంగా ఉంటే, అది తర్వాత కూర్చుని నింపిందేమోనని అనుమానించాలి. ఒకరోజు థియేటర్‌లో నిలబడి గడియారం చూసి ఆ టైములతో పోల్చుకోవాలి.