పదిలక్షల్లో ఒక్క తప్పును పట్టుకునే లెక్క

2014లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హార్టీ, లూకస్ బృందం ఒకే ఒక్క కాల్షియం అయాన్‌ను విద్యుత్ క్షేత్రాల మధ్య బంధించి క్యూబిట్‌గా వాడుకుంది. మైక్రోవేవ్ పల్సులతో దానిమీద చేసే ఒక్కో గేట్‌లో సగటు తప్పు పదిలక్షల్లో ఒకటి అని తేల్చింది. అదే పరిశోధనాపత్రంలో ఇంకో అంకె కూడా ఉంది. అయాన్‌ను మొదటి స్థితికి తేవడంలోనూ చివర దాన్ని చదవడంలోనూ కలిపి దొర్లే తప్పు పదివేలల్లో సుమారు 7. కొలిచే పద్ధతిలోని తప్పు, కొలవదలచిన తప్పుకన్నా దాదాపు 700 రెట్లు పెద్దదన్నమాట. అలాంటి పరికరంతో అంత చిన్న తప్పును ఎలా కొలిచారు?

ముందుగా తట్టే పద్ధతి ఇక్కడ పనిచేయదు. క్యూబిట్‌ను 0లో పెట్టి, దాన్ని 1కి తిప్పే గేట్ ఒకసారి వేసి చదువుతామనుకుందాం. వందసార్లు చేస్తే 95 సార్లే 1 వచ్చింది. ఆ 5 తప్పుల్లో గేట్ వాటా ఎంత? క్యూబిట్ మొదట్లోనే సరిగ్గా 0లో లేకపోయి ఉండొచ్చు, చదివే పరికరం పొరబడి ఉండొచ్చు. మూడూ కలిసిపోయిన అంకెను విడదీసే దారి లేదు.

చివర అరిగిపోయిన స్కేలుతో ఒక కాగితం మందం కొలవలేం. కానీ 100 కాగితాల దొంతరను, 500 కాగితాల దొంతరను అదే స్కేలుతో కొలిచి, తేడాను 400తో భాగిస్తే ఒక్క కాగితం మందం వస్తుంది. స్కేలు అరుగుదల రెండు కొలతల్లోనూ ఒకేలా ఉంది కాబట్టి తీసివేతలో అది పోతుంది. రాండమైజ్డ్ బెంచ్‌మార్కింగ్‌కు మూలం ఇదే. తయారీ ఒక్కసారే, చదవడం ఒక్కసారే. గేట్ల సంఖ్య మాత్రం పెంచుకుంటూ పోవాలి.

అయితే ఒకే గేట్‌ను వరసగా వేస్తూ పోతే కుదరదు. కాగితాల మందం బుద్ధిగా కూడుతుంది, గేట్ల తప్పులు అలా కూడవు. క్యూబిట్ స్థితిని ఒక గోళం మధ్యనుంచి బయటికి చూపే బాణంగా ఊహించుకోవచ్చు, గేట్ అంటే ఆ బాణాన్ని తిప్పడం. ప్రతిసారీ కొంచెం ఎక్కువ తిప్పే గేట్‌ను పదేపదే వేస్తే ఆ కొంచెమే పేరుకుని పెద్ద తప్పవుతుంది. మరో రకం తప్పు రెండుసార్లు వేసేసరికి తనను తానే రద్దు చేసుకుని కనిపించకుండా పోతుంది. అందుకే గేట్లను యాదృచ్ఛికంగా ఎంచుకుంటారు.

ఆ ఎంపిక క్లిఫర్డ్ గేట్లలోంచి జరుగుతుంది. ఒక్క క్యూబిట్‌కు ఇవి 24. గోళం మీద పైన, కింద, నాలుగు పక్కలా ఉండే ఆరు బిందువులను ఒకదాని చోటికి ఒకటి తీసుకెళ్లే తిప్పుడులు ఇవి. ఎన్నింటిని వరసగా వేసినా మొత్తం ఫలితం మళ్లీ ఆ 24లో ఒకటే. కాబట్టి 500 గేట్లు వేసిన తరువాత బాణాన్ని బయల్దేరిన చోటికి తెచ్చే తిరుగు గేట్ ఏదో మామూలు కంప్యూటరే క్షణంలో చెప్పేస్తుంది. దాన్ని చివర వేసి క్యూబిట్‌ను చదువుతారు. తప్పులేవీ లేకపోతే ప్రతిసారీ 0 రావాలి.

గేట్ల వెంట చిన్న తప్పులు ఉంటాయి కదా, అవి ఏమవుతాయి? యాదృచ్ఛికమైన తిప్పుడుల మధ్య ప్రతి తప్పూ ఒక్కో దిక్కుకు మళ్లుతుంది. ఎన్నో వరుసల మీద సగటు తీస్తే దిక్కులు పోయి ఒక్క ప్రభావమే మిగులుతుంది: ప్రతి గేట్‌కూ బాణం పొడవు p అనే ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. లోపల జరిగిన తప్పు ఎంత చిక్కుగా ఉన్నా సగటున అది ఒక్క అంకెగా మారిపోవడమే ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే విషయం. m గేట్ల తరువాత 0 వచ్చే సంభావ్యత ఇలా ఉంటుంది:

P(m) = A·p^m + B

తయారీ తప్పు, చదవడంలో తప్పు, చివరి తిరుగు గేట్ తప్పు, ఇవన్నీ A, Bలలోకి వెళ్తాయి. ఎందుకంటే m ఎంతైనా అవి జరిగేది ఒక్కసారే. గేట్ల సంఖ్యతో పాటు మారేది p ఒక్కటే.

ఒక లెక్క వేసి చూద్దాం. A = 0.45, B = 0.5, p = 0.998 అనుకుందాం. గేట్లు లేనప్పుడు 0 వచ్చే అవకాశం 95 శాతం, 100 గేట్లకు 86.8, 500 గేట్లకు 66.5. ఇప్పుడు చదివే పరికరం బాగా పాడైంది, A 0.35కి పడిపోయింది. అవే అంకెలు 85, 78.7, 62.9 అవుతాయి. గీత మొత్తం కిందికి దిగింది. కానీ 50 శాతానికి పైన మిగిలిన భాగాన్ని చూడండి. మొదటి సందర్భంలో 100 గేట్లకు 45 కాస్తా 36.8 అయింది, రెండో దాంట్లో 35 కాస్తా 28.7 అయింది. రెండు చోట్లా మిగిలింది సుమారు 82 శాతమే. పరికరం చెడినా p మారలేదు. బాణం పూర్తిగా చెరిగిపోయినా సగం సార్లు సరైన జవాబే వస్తుంది కాబట్టి, ఒక క్యూబిట్‌కు సగటు తప్పు r = (1−p)/2. ఇక్కడ అది 0.001, అంటే వెయ్యికి ఒకటి.

అమెరికాలోని నిస్ట్ సంస్థలో నిల్ బృందం 2008లో ఒక బెరీలియం అయాన్ మీద ఇదే తరహా ప్రయోగం చేసి, యాదృచ్ఛిక పల్సుకు తప్పు 0.00482 అని చెప్పింది. క్లిఫర్డ్ గేట్లతో నేడు విరివిగా వాడే రూపాన్ని మాగెసన్, గాంబెట్టా, ఎమర్సన్ 2011లో ఇచ్చారు. 24 గేట్ల సగటు కాకుండా ఒక ఫలానా గేట్ సంగతి తెలియాలంటే, యాదృచ్ఛిక గేట్ల మధ్యమధ్య ఆ గేట్‌ను ఇరికించి మళ్లీ కొలుస్తారు. గీత ఎంత వేగంగా పడితే ఆ గేట్ అంత చెడ్డది.

ఈ అంకెను ఎక్కడ నమ్మకూడదో కూడా తెలియాలి. r అనేది సగటు, తప్పు స్వభావం గురించి అది ఏమీ చెప్పదు. r పదివేలకు ఒకటి అని వచ్చిందనుకుందాం. తప్పంతా ఒకే దిక్కున ఎక్కువ తిప్పడం వల్లనే అయితే, గేట్‌కు సుమారు 1.4 డిగ్రీల తేడా ఉన్నట్టు. ఆ గేట్‌నే అదే అక్షం మీద 64 సార్లు వేస్తే తేడా 90 డిగ్రీలకు చేరుతుంది. బాణం అడ్డంగా ఉండాల్సిన చోట నిలువుగా ఉంటుంది. r చూసుకుని 64 గేట్లకు అర శాతం పైచిలుకు తప్పే వస్తుందని ధైర్యంగా ఉన్నవాడి గణన అక్కడ పూర్తిగా చెడిపోతుంది. ఈ రకం తప్పుకు ఒక ఆనవాలుంది. ఒకే పొడవున్న వేర్వేరు యాదృచ్ఛిక వరుసల ఫలితాలు సగటు చుట్టూ దగ్గరగా ఉండకుండా బాగా చెల్లాచెదురవుతాయి. సగటు గీత మాత్రమే గీసి, ఆ చెదురును పక్కన పెట్టిన నివేదికలో ఈ సమాచారం పోయినట్టే.

గీత ఆకారం కూడా చూడాలి. P(m) − B ను లాగరిథమ్ స్కేలు మీద గీస్తే సరళరేఖ రావాలి. ప్రయోగం సాగుతుండగా గేట్ల నాణ్యత మెల్లగా మారుతూ ఉంటే అది వంగుతుంది. సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లలో 0, 1 దాటి పైనున్న మూడో శక్తిస్థాయికి జారిపోయే బెడద ఉంది. అలా జారినప్పుడు గీత చివర సగం దగ్గర కాకుండా వేరే చోట స్థిరపడుతుంది. వంగిన గీతకు బలవంతంగా ఒక p అంటగట్టడం కంప్యూటర్‌కు కష్టమేమీ కాదు. కానీ అప్పుడు వచ్చే r గేట్ తప్పు కాదు.