సైలెంట్‌లో పెట్టిన వాచీ ఊరుకోదు

పదో తరగతి ప్రీ బోర్డు పరీక్షలకు వారం రోజుల ముందు, హైదరాబాద్‌లోని ఒక సీబీఎస్ఈ స్కూల్లో క్లాస్ టీచర్ తల్లిదండ్రులందరికీ ఒక ఈమెయిల్ పంపారు. "పరీక్ష గదిలోకి స్మార్ట్‌వాచీ, ఫిట్‌నెస్ బ్యాండ్ రెండూ తేకూడదు. సైలెంట్‌లో పెట్టినా, ఫోన్ ఇంట్లోనే ఉన్నా, బ్యాగులో పెట్టినా ఇదే నియమం. అసలు ఇంట్లోనే వదిలి పంపితే అందరికీ మంచిది. తప్పనిసరై తెస్తే పూర్తిగా స్విచాఫ్ చేసి, పేరు రాసిన కవరులో పెట్టి ఆఫీసులో ఇవ్వాలి" అని మొదటి పేరాలోనే తేల్చి చెప్పారు.

చదివిన తల్లిదండ్రుల్లో కొందరికి ఇది అతిజాగ్రత్త అనిపించింది. సైలెంట్‌లో పెడితే చాలదా అన్నది వాళ్ల ప్రశ్న. చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే ఫోన్‌కు వచ్చిన మెసేజీ మణికట్టు దాకా ఏ దారిన చేరుతుందో చూడాలి.

వాట్సాప్ మెసేజీ మొదట ఫోన్‌కు వస్తుంది. వాచీకి సంబంధించిన యాప్ ఆ నోటిఫికేషన్‌ను చూసి, బ్లూటూత్ ద్వారా వాచీకి పంపిస్తుంది. మన పిల్లల చేతులకు కనిపించే రెండు, మూడు వేల రూపాయల వాచీల్లో ఎక్కువ భాగం ఇలాగే పనిచేస్తాయి. బ్లూటూత్ అందే దూరం సాధారణంగా పది మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఫోన్‌ను బ్యాగులో పెట్టి, బ్యాగును వరండాలో పెట్టినా లోపల కూర్చున్న పిల్లవాడి చేతికి మెసేజీ చేరవచ్చు. సొంతంగా సిమ్ ఉన్న వాచీకైతే ఫోన్ దగ్గర్లో ఉండాల్సిన అవసరమే లేదు.

ఇక "డు నాట్ డిస్టర్బ్" ఆన్ చేశామనుకోండి. అది మోతను, వైబ్రేషన్‌ను ఆపుతుందే గానీ మెసేజీని ఆపదు. వచ్చినవన్నీ లోపల జాబితాలో చేరుతూనే ఉంటాయి. తెర మీద వేలితో ఒకసారి జరిపితే చదువుకోవచ్చు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టామన్న ధీమా కూడా అన్ని వాచీలకూ పనికిరాదు. ఉదాహరణకు ఆపిల్ వాచీలో ఆ మోడ్ వైఫైని, మొబైల్ నెట్‌వర్క్‌ను ఆపుతుంది. మనం సెట్టింగు మార్చకపోతే బ్లూటూత్‌ను మాత్రం వదిలేస్తుంది.

ఫోన్ ఇంట్లోనే ఉంది కదా అనే వాదనకూ టీచర్ జవాబు రాశారు. దారి తెగిపోయినా, అంతకు ముందు వచ్చిన మెసేజీలు చాలా వాచీల్లో అలాగే నిలిచి ఉంటాయి. ఉదయం ఎనిమిదింటికి స్నేహితుడు పంపిన ఫార్ములా పదకొండింటికి వాచీలో కనిపిస్తుంది. పిల్లవాడు దాన్ని చూశాడా లేదా అన్నది ఇన్విజిలేటర్ ఎలా తేల్చగలరు? తేల్చలేరు. అందుకే నియమం చూడటం గురించి కాకుండా దగ్గర ఉండటం గురించి ఉంటుంది. ఇది పిల్లల మీద అనుమానంతో పెట్టింది కాదు, ఏ పాపమూ తెలియని పిల్లవాడిని సంజాయిషీ చెప్పుకునే పరిస్థితి నుంచి కాపాడేది.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పు జరిగేది మాత్రం మెసేజీలతో కాదు, అలారంతో. ఒక పరీక్ష రోజును ఊహించుకుందాం. పదింపావుకు ప్రశ్నపత్రం ఇచ్చారు, పదిన్నరకు రాయడం మొదలైంది. అమ్మాయి ఫోన్ ఇంట్లో ఉంది, వాచీని సైలెంట్ చేసి జేబులో వేసుకుంది. పదకొండు గంటలకు జేబులోంచి గుర్రుమని చప్పుడు. మంచినీళ్లు తాగమని గుర్తుచేసే రిమైండరది, ఎండాకాలంలో వాళ్ల నాన్నే పెట్టారు. దానికి ఫోన్‌తో పని లేదు, అది వాచీలోనే ఉంది. చాలా వాచీల్లో అలారాలు సైలెంట్ మోడ్‌లోనూ కదులుతాయి. ఫోన్‌తో సంబంధం తెగిపోయినప్పుడు ఆ సంగతి చెప్పడానికే వైబ్రేట్ అయ్యే వాచీలూ ఉన్నాయి. గదిలో ముప్పై మంది తలెత్తి చూస్తారు. ఇన్విజిలేటర్ వాచీ తీసుకుని, సమయం రాసుకుని, పై అధికారికి చెప్పాలి. అమ్మాయి చేసిన దోషమేమీ లేదు, అయినా ఆ తర్వాత పది నిమిషాలు ఆమె చెయ్యి నిలకడగా రాయదు.

ఇదే బోర్డు పరీక్షలో జరిగితే సంగతి ఇక్కడితో ఆగదు. సీబీఎస్ఈ నిషేధించిన వస్తువుల్లో మొబైల్, ఇయర్‌ఫోన్లతో పాటు స్మార్ట్‌వాచీ, హెల్త్ బ్యాండ్ కూడా ఉన్నాయి. ఎలక్ట్రానిక్ పరికరంతో పట్టుబడితే ఆ ఏడాదితో పాటు మరుసటి ఏడాది పరీక్షకూ దూరం కావాల్సి రావచ్చని 2025 పరీక్షలకు ముందు బోర్డు హెచ్చరించింది. తెలంగాణ ఇంటర్ బోర్డు 2025లో ఇంకో అడుగు ముందుకు వేసి, మామూలు ముళ్ల వాచీని కూడా అనుమతించలేదు. సమయం ఎంతయిందో ఇన్విజిలేటర్లే అరగంటకోసారి చెప్పే ఏర్పాటు చేసింది. నీట్‌లో కూడా ఏ వాచీకీ చోటు లేదు. ఒక్కో పరీక్షకు ఒక్కో నియమం కాబట్టి, హాల్‌టికెట్ మీద ఉన్న సూచనలు చదవకుండా "ముళ్ల వాచీ అయితే ఫరవాలేదులే" అనుకోవడం ప్రమాదం.

ఈమెయిల్‌లో టీచర్ ఎక్కువ శ్రద్ధగా రాసిన భాగం పిల్లల గురించి కాదు, తల్లిదండ్రుల గురించి. పరీక్ష వేళల్లో పిల్లల ఫోన్లకు వచ్చే మెసేజీల్లో ఇంటివాళ్లవీ తక్కువేమీ కాదు. ఆల్ ది బెస్ట్, బాగా రాశావా, బస్సు ఎక్కావా లాంటివి. "వాచీ స్విచాఫ్‌లో ఉన్నంతసేపు మీ మెసేజీలకు జవాబు రాదు. వాట్సాప్‌లో ఒక్క టిక్కే కనిపిస్తే ఫోన్ ఆఫ్‌లో ఉండి ఉండవచ్చు, కంగారు పడవద్దు. మెసేజీలు ఎక్కడికీ పోవు, ఫోన్ ఆన్ చేయగానే వస్తాయి. మీ పిల్లల మెసేజీలను మా సిబ్బంది తెరిచి చదవరు. నిజంగా అత్యవసరమైతే ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఆ సమాచారం ఇన్విజిలేటర్‌కు అందించే బాధ్యత మాది" అని రాశారు. మెసేజీలు చదవబోమన్న ఆ ఒక్క వాక్యం చాలా స్కూళ్ల సర్క్యులర్లలో కనిపించదు. ఉండి తీరాలి. వాచీని అప్పగించడమంటే అందులోని సొంత మాటలను కూడా అప్పగించడం కాదని పిల్లలకు తెలిస్తేనే దాచుకోవాలనే ఆలోచన తగ్గుతుంది.

ఒక్క మినహాయింపుకు మాత్రం విడిగా పేరా ఇచ్చారు. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల్లో కొందరు చర్మానికి సెన్సర్ అంటించుకుంటారు. అది కొద్ది నిమిషాలకోసారి గ్లూకోజ్ స్థాయిని ఫోన్‌కో, విడిగా ఉండే రీడర్‌కో పంపుతుంది. షుగర్ పడిపోతే వచ్చే హెచ్చరికను ఆపేయమని ఏ స్కూలూ అడగకూడదు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు డాక్టర్ ధ్రువపత్రంతో ముందే రావాలని, రీడర్ ఎవరి దగ్గర ఉండాలో, అది మోగితే ఎవరు ఏం చేయాలో కాగితం మీద రాసుకుందామని టీచర్ కోరారు. బోర్డు పరీక్షకైతే ఈ అనుమతి స్కూలు ద్వారా ముందుగానే తీసుకోవాలి. పరీక్ష రోజు ఉదయం గేటు దగ్గర అడిగితే దొరకదు.

మీ ఇంట్లో పరీక్ష రాసే పిల్లలుంటే ఈ రాత్రే వాళ్లతో కలిసి కూర్చుని వాచీలోని అలారాలు, రిమైండర్ల జాబితా తెరిచి చూడండి. వాచీని ఎలా స్విచాఫ్ చేయాలో వాళ్లచేతే చేయించండి. చాలామందికి తెర ఆర్పడం తెలుసు గానీ వాచీని ఆపడం తెలియదు. ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరు మీ ఫోన్లోనే కాదు, అమ్మమ్మ, తాతయ్యల ఫోన్లలో కూడా ఉందో లేదో చూసుకోండి.